క్లాసులో నోరు విప్పని పాపకు ప్రోగ్రెస్ కార్డులో ఏం రాయాలి? (4వ తరగతి, గుంటూరు)

బ్రాడీపేట టీచర్

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతికి క్లాస్ టీచర్‌ని. ఎస్ఏ-1 కార్డులు శనివారం తల్లిదండ్రుల సమావేశంలో ఇవ్వాలి. కార్డు వెనక "ఉపాధ్యాయుల అభిప్రాయం" అని నాలుగైదు వరుసల ఖాళీ ఉంటుంది, చేత్తో రాయాలి. ముప్ఫై ఎనిమిది మందిలో ఒక్క పాప దగ్గర ఆగిపోయాను.

ఈ పాప క్లాసులో దాదాపు మాట్లాడదు. పేరు పిలిస్తే లేచి నిలబడుతుంది. జవాబు తెలిసినా పెదవులు కదులుతాయి కానీ మాట వినపడదు. పని మాత్రం చాలా శ్రద్ధగా చేస్తుంది. నోట్సులో మార్జిన్ దాటదు, కొట్టివేతలుండవు. లెక్క చేశాక మళ్లీ చూసుకుంటుంది. ఏ రోజూ హోంవర్క్ మానలేదు. మార్కులు బాగానే ఉన్నాయి, కానీ తను చేసే పనికి తగ్గంత రావట్లేదని నా అనుమానం.

నేను రాసుకున్నది ఇది: "మంచి అమ్మాయి. క్రమశిక్షణ గలది. చేతిరాత బాగుంది. క్లాసులో ఇంకా చురుగ్గా పాల్గొని ధైర్యంగా మాట్లాడాలి."

చదివితే నాకే తృప్తిగా లేదు. నిరుడు కార్డు తీసి చూస్తే అప్పటి టీచరు కూడా ఇంచుమించు ఇదే రాశారు. ఆ మాట వల్ల ఏడాదిలో ఏమీ మారలేదు కదా. మీరైతే ఏం రాస్తారో చెప్పండి.

గాంధీనగర్ సార్

మేడమ్, విజయవాడలో పద్నాలుగేళ్లుగా హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. నా అనుభవం ఒకటే. మాట్లాడిస్తేనే మాట వస్తుంది. కార్డులో సున్నితంగా రాసి వదిలేస్తే మన దగ్గరికి తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ పిల్లలు సెమినార్ అంటే వణికిపోతారు. వచ్చే రిపబ్లిక్ డేకి నాలుగు వాక్యాల ప్రసంగం ఇవ్వండి, ఇంట్లో బట్టీ పట్టించమనండి. ఒక్కసారి స్టేజి ఎక్కితే భయం పోతుంది. కార్డులో కూడా సూటిగా రాయండి: "వేదిక మీద మాట్లాడే అలవాటు చేయించాలి." తల్లిదండ్రులకు చేయాల్సిన పని తెలుస్తుంది.

పటమట అమ్మ

నేను టీచర్ని కాదు, తల్లిని. నా మాట కూడా వినండి. మా బాబుకి ఒకటి నుంచి అయిదు వరకు ప్రతి కార్డులో ఒకే వాక్యం వచ్చింది, "క్లాసులో చలాకీగా ఉండాలి" అని. స్కూలు పేరు వద్దులెండి. మేం ఆ మాట పట్టుకుని స్పోకెన్ క్లాసులో చేర్చాం. ఇంటికెవరొచ్చినా "అంకుల్‌కి రైమ్ చెప్పు" అనేవాళ్లం. ఆ కార్డు చూసి మా ఆయన తిట్టిన రోజులు కూడా ఉన్నాయి. సోమవారం పొద్దున్నే కడుపునొప్పి మొదలయ్యేది. డాక్టరు ఏమీ లేదన్నారు.

ఇంట్లోవాళ్లకి అర్థమయ్యేది ఒక్కటే అండి. "మాట్లాడాలి" అని రాస్తే మేం పిల్లాణ్ణి మాట్లాడమని సతాయిస్తాం. అంతకుమించి ఏం చేయాలో మాకు తెలియదు. ఎక్కడ మాట్లాడాలి, ఎవరితో, ఎంత, దేని గురించి అనేది ఎవరూ చెప్పలేదు. గాంధీనగర్ సార్, స్టేజి అని మాత్రం రాయించకండి, దణ్ణం పెడతాను.

కృష్ణలంక మాస్టారు

ప్రాథమిక పాఠశాలలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. అమ్మా బ్రాడీపేట టీచరుగారూ, ఏం రాయాలో తర్వాత చూద్దాం. ముందు మీరు రాసిన నాలుగు ముక్కలు చూడండి. మంచి అమ్మాయి, క్రమశిక్షణ, చేతిరాత, ధైర్యం. ఇందులో తన చదువు గురించి ఒక్క మాట లేదు. పేరు మార్చి మరో పదిమంది కార్డుల్లో రాసినా సరిపోతుంది. రాసింది పిల్ల స్వభావం గురించి. స్వభావాన్ని ఒక టర్మ్‌లో మార్చుకోమంటే ఏ పిల్లా మార్చుకోలేదు.

మీకు రెండు ప్రశ్నలు. ఆ పాప శ్రద్ధ మీకు ఎక్కడ కనపడింది? "శ్రద్ధగా చేస్తుంది" అని కాదు, ఏ లెక్కలో ఏం చేస్తే మీకలా అనిపించిందో ఒకటి చెప్పండి. రెండోది, దీనికి తొందరపడి జవాబు చెప్పకండి. మాట్లాడకపోవడం వల్ల ఆ పిల్ల చదువుకి జరిగిన నష్టం ఏమిటి? మనకు ఇబ్బందిగా ఉందని కాదు, పక్క పిల్లల్లా లేదని కాదు. తన నేర్చుకోవడం ఎక్కడ ఆగింది? నష్టం ఏమీ కనపడకపోతే మాట్లాడాలని రాయనక్కర్లేదు, ఇంకేదైనా ముందడుగు రాయండి. కనపడితే ఆ నష్టాన్ని తీర్చేదే మీ తర్వాతి మెట్టు.

ఈ వారం స్లిప్ టెస్ట్ కాగితాలు, రఫ్ నోటు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. జవాబు పత్రంలో కనపడనిది రఫ్ నోటులో దొరుకుతుంది.

మంగళగిరి నాన్న

మా వాడికి పూర్తిగా ఉల్టా. మూడో తరగతి. క్లాసులో నోరు మూయడు, పక్కవాళ్లని రాయనివ్వడు. వాడి కార్డులో "టాకటివ్" అని రాశారు. దానికి కూడా ఏదైనా మంచి వాక్యం చెప్పండి సార్, టీచర్‌కి సజెస్ట్ చేస్తాను.

కృష్ణలంక మాస్టారు

మంగళగిరి నాన్నగారూ, అది వేరే సంగతి, విడిగా అడగండి, తప్పకుండా మాట్లాడదాం. ఇక్కడ కలిపితే మేడమ్ గారి శనివారం దాటిపోతుంది.

లబ్బీపేట స్పెషల్ టీచర్

రాసే ముందు ఒక విషయం తేల్చుకోండి మేడమ్. మాట్లాడని పిల్లలందరూ ఒకే రకం కాదు.

మొదటిది వినికిడి. తరచూ జలుబు చేసే పిల్లల్లో చెవి లోపల ద్రవం నిలిచి కొన్నాళ్లు సరిగా వినపడకపోవడం మామూలే. అలాంటి పిల్లలు తప్పు చెబుతామేమోనని మాట్లాడడం తగ్గించేస్తారు. రెండు రోజులు డిక్టేషన్‌తో చూడండి. ఒకరోజు పాప ఎదురుగా నిలబడి, మర్నాడు వెనక నిలబడి చెప్పండి. పాలు, కాలు; మీరు, నీరు లాంటి మాటలు కలపండి. వెనక నుంచి చెప్పినప్పుడు తప్పులు బాగా పెరిగితే మీ పెదవులు చూసి రాస్తోందేమోనని అనుమానించాలి. ఇది పరీక్ష కాదు, అనుమానానికి ఆధారం మాత్రమే. అప్పుడు గుంటూరు జీజీహెచ్‌లో చెవి ముక్కు గొంతు విభాగానికి చూపించమని ఇంట్లోవాళ్లకి విడిగా చెప్పండి.

రెండోది, ఇంట్లో గలగలా మాట్లాడుతూ స్కూల్లో మాత్రం ఎవరితోనూ, స్నేహితులతో కూడా, నెలల తరబడి ఒక్క మాట మాట్లాడని పిల్లలు ఉంటారు. మాట్లాడాలని ఉన్నా గొంతు పెగలదు. దాన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. అది మొండితనం కాదు, ఆందోళనకు సంబంధించిన సమస్య. స్కూల్లో కొత్తగా చేరిన మొదటి నెల మౌనాన్ని అందులో లెక్కవేయరు. అలా అనిపిస్తే చైల్డ్ సైకాలజిస్టు చూడాలి. స్టేజి ఎక్కించడం ఆ పిల్లలకి ఇంకా చెరుపు చేస్తుంది.

ఈ రెండిట్లో ఏది అనుమానం ఉన్నా కార్డు మీద రాయకండి. కార్డు చుట్టాలంతా చూస్తారు. విడిగా కూర్చోబెట్టి చెప్పాల్సిన విషయం అది.

రిసెస్‌లో, ఆటోలో ఎలా ఉంటుందో కనుక్కున్నారా?

గాంధీనగర్ సార్

స్పెషల్ టీచర్ గారు చెప్పింది ఆలోచించాల్సిందే. కానీ ప్రతి మౌనానికీ డాక్టరు దగ్గరికి పంపితే ఎలా? మా రోజుల్లో సిగ్గరి పిల్లలు లేరా?

లబ్బీపేట స్పెషల్ టీచర్

ఉన్నారు సార్. వాళ్లలో ఎంతమందికి సరిగా వినపడలేదో ఎవరూ చూడలేదు, అంతే. నేను పంపమనట్లేదు, ముందు చూడమంటున్నాను.

బ్రాడీపేట టీచర్

రెండు రోజులు ఆగి జవాబిస్తున్నాను, క్షమించండి. మీరు చెప్పినవన్నీ చూశాను.

డిక్టేషన్ ఎదురుగా, వెనక నుంచి రెండుసార్లూ ఇచ్చాను. వెనక నుంచి చెప్పినప్పుడు ఒక్క తప్పు కూడా లేదు. ఆటో అన్నని అడిగితే నవ్వాడు. "ఆ పాపా? బండెక్కిందగ్గర్నుంచి కబుర్లే మేడమ్, దిగేదాకా ఆగదు" అన్నాడు. రిసెస్‌లో ఇద్దరు పిల్లలతో మాట్లాడుతోంది, వాళ్లతో ఆడుతోంది. నా డెస్కు దగ్గరికి పిలిచి పాఠం చదవమంటే చిన్న గొంతుతో తడబడకుండా చదివింది. క్లాసు మొత్తం వింటున్నప్పుడే మాట ఆగిపోతోంది.

మాస్టారు గారు చెప్పినట్టు రఫ్ నోటు తీశాను. మొదటి ప్రశ్నకి జవాబు తేలిగ్గానే దొరికింది. 6,003 లోంచి 2,478 తీసేయమన్న లెక్క ఉంది. మధ్యలో రెండు సున్నాలున్నాయి కాబట్టి క్లాసులో సగం మంది అక్కడే తప్పారు. ఈ పాప 3,525 అని చేసి, కింద మళ్లీ 3,525కి 2,478 కూడి 6,003 వచ్చిందో లేదో చూసుకుంది. ప్రతి తీసివేతకీ ఇలాగే చేసింది. నేను చెప్పింది ఒక్కసారే, అదీ జూలైలో.

రెండో ప్రశ్నకి జవాబు చూసి ఆగిపోయాను. స్లిప్ టెస్టులో ఈ పద సమస్య ఇచ్చాను:

"రామయ్య దగ్గర 1,250 కిలోల మిర్చి ఉంది. ఇది సుబ్బయ్య దగ్గరున్న మిర్చి కంటే 375 కిలోలు తక్కువ. సుబ్బయ్య దగ్గర ఎంత మిర్చి ఉంది?"

పాప పేపర్లో అక్కడ ఖాళీ. కానీ రఫ్ నోటులో 1,250 లోంచి 375 తీసి 875 అని చేసింది. 875కి 375 కూడి 1,250 సరిచూసుకుంది కూడా. తర్వాత జవాబు రాసి, చెరిపేసి, వదిలేసింది. చెరిపిన గుర్తు కాగితం మీద ఇంకా ఉంది.

కృష్ణలంక మాస్టారు

శభాష్ అమ్మా. ఇప్పుడు దొరికింది. ఈ ఒక్క లెక్క దగ్గర కాస్త ఆగుదాం.

"తక్కువ" అనే మాట చూసి పాప తీసివేసింది. నాలుగో తరగతిలో చాలామంది అంతే. నిజానికి రామయ్య దగ్గర తక్కువ ఉంది కాబట్టి సుబ్బయ్య దగ్గర ఎక్కువ ఉండాలి, 1,625 కిలోలు. పాప తనకు తెలిసిన పద్ధతిలో సరిచూసుకుంది. 875, 375 కలిపితే 1,250 వచ్చేసింది. తన తనిఖీ తప్పు జవాబుకి ఒప్పు అని ముద్ర వేసింది. కూడి చూడడం వల్ల తీసివేతలో దొర్లిన తప్పు బయటపడుతుంది. లెక్కని అర్థం చేసుకోవడంలో పొరపాటు జరిగితే అది ఆ తనిఖీలో దొరకదు. ఎంత శ్రద్ధగా చేసినా దొరకదు.

ఇంకొకటి చూడండి. పాపకి ఎక్కడో అనుమానం వచ్చింది. అందుకే చెరిపింది. ఆ అనుమానం చాలా విలువైనది. కానీ అనుమానం వచ్చాక ఏం చేయాలో తనకు తెలియదు. నోటి నిండా మాటలున్న పిల్లయితే "టీచర్, ఎవరి దగ్గర ఎక్కువుంది?" అని అడిగేది. మీరు జవాబు చెప్పకపోయినా, ఆ ప్రశ్న పైకి అనేటప్పటికే సగం అర్థమైపోయేది. ఈ పాప అడగలేదు కాబట్టి మార్కు పోయింది. మార్కు పోతే పోయింది, అడిగితే తేలిపోయేదన్న సంగతి తెలుసుకునే అవకాశం కూడా పోయింది.

కాబట్టి ఈ పాప మౌనం వల్ల జరిగిన నష్టం స్టేజి మీద కాదు, పద సమస్య దగ్గర ఉంది. తర్వాతి మెట్టు "ధైర్యంగా మాట్లాడాలి" కాదు. లెక్క మొదలుపెట్టే ముందు దాన్ని తన మాటల్లో ఎవరో ఒకరికి చెప్పాలి. అనుమానం వస్తే వదిలేయకుండా అడగాలి. ఇది చదువుకి సంబంధించిన పని, నాలుగో తరగతి పిల్ల చేయగలిగిన పని. చేసిందో లేదో మీరు చూడగలిగే పని.

గాంధీనగర్ సార్

మాస్టారూ, ఈ మిర్చి లెక్క విషయం ఒప్పుకుంటాను, నేను అటు ఆలోచించలేదు. కానీ మాట ఎలా మొదలుపెట్టించాలి? "అడగాలి" అని రాసినా అడగదు కదా.

కృష్ణలంక మాస్టారు

అడగదు. అందుకే అడిగే దారి టీచరే వేయాలి, ఆ సంగతి కార్డులోనే రాయాలి. నేను చేసిన పద్ధతి చెబుతాను. అందరి ఎదుట అడగనక్కర్లేదు. లెక్క దగ్గర అనుమానం వస్తే మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న ప్రశ్న గుర్తు పెట్టమనాలి. మీరు బెంచీల మధ్య తిరిగేటప్పుడు ఆ గుర్తు దగ్గర ఆగి వంగి, "ఏమిటమ్మా?" అంటారు. అక్కడ నాలుగు మాటలు చెబుతుంది. కొన్ని వారాలకి పక్కనున్న స్నేహితురాలికి చెబుతుంది. ఆ తర్వాత నలుగురి గుంపులో. క్లాసు ముందు నిలబడడం వచ్చే ఏడాది సంగతి కావచ్చు. ఏ మెట్టుకి ఎన్ని వారాలు పడుతుందో ముందే చెప్పలేం.

ఇంకో చిన్న విషయం. ప్రశ్న అడిగాక మనం ఎంతసేపు ఆగుతామో గమనించుకోండి. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ క్లాసు రికార్డింగులు విని చూస్తే టీచర్లు సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని తేలింది. మూడు సెకన్లు, అంతకుమించి ఆగితే జవాబులు పొడవుగా వచ్చాయి. మామూలుగా నోరు విప్పని పిల్లలు కూడా ముందుకొచ్చారు. పాప పెదవులు కదులుతున్నాయని మీరే రాశారు. మాట వచ్చేలోపు మనం పక్కవాణ్ణి పిలుస్తున్నామేమో చూడండి.

బ్రాడీపేట టీచర్

నిజమే మాస్టారూ, నలభై నిమిషాల పీరియడ్‌లో ఆగడం కష్టమే, కానీ ప్రయత్నిస్తాను.

రాసి చూశాను, చూడండి:

"ప్రతి తీసివేతను తిరిగి కూడి సరిచూసుకుంటుంది. మధ్యలో సున్నాలున్న లెక్కలు కూడా తప్పులేకుండా చేస్తోంది. పద సమస్యల్లో అనుమానం వచ్చినప్పుడు అడగకుండా వదిలేస్తోంది. వచ్చే టర్మ్‌లో లెక్కను ముందు తన మాటల్లో పక్క స్నేహితురాలికి చెప్పడం, అనుమానం ఉంటే గుర్తు పెట్టి రోజూ నన్ను అడగడం అలవాటు చేస్తాం. అడగడానికి నేనే తన బెంచీ దగ్గరికి వస్తాను."

పటమట అమ్మ

చాలా బాగుంది మేడమ్. మా బాబుకి ఇలాంటి కార్డు ఒక్కటి వచ్చినా మేం వేరేలా ఉండేవాళ్లం. ఒక్క మాట మార్చండి. "వదిలేస్తోంది" అంటే బద్ధకం అనుకుంటారు. మా ఇంట్లో అయితే "ఎందుకు వదిలేశావ్?" అని మొదలయ్యేది. ఆ వాక్యమే తీసేస్తే ఏం?

కృష్ణలంక మాస్టారు

తీయొద్దమ్మా. తీసేస్తే మిగతా సగం ఎందుకు రాశారో తల్లిదండ్రులకి అర్థం కాదు. కార్డులో ఇబ్బందిని దాచిపెట్టి పొగిడితే శనివారం సంతోషంగా గడుస్తుంది. మళ్లీ మార్కులు చూసి అడిగేది ఆ తల్లే. కానీ మాట మార్చమన్నది సబబే. "అనుమానం వచ్చినా అడగలేక ఖాళీ ఉంచుతోంది" అనండి. "అడగలేక" అంటే తిట్టడానికి చోటుండదు.

ఇంకోటి, "రోజూ" తీసేయండి. రోజూ అని రాసి రెండు రోజులు జరగకపోతే పాప తప్పిందంటారు. వారానికి రెండుసార్లు చాలు.

గాంధీనగర్ సార్

మరి మౌఖిక వ్యక్తీకరణ గ్రేడు సంగతి? అక్కడ ఏం పెడుతున్నారు మేడమ్? పై అభిప్రాయం ఎంత బాగా రాసినా, ఆ గడిలో సి ఉంటే ఇంట్లోవాళ్లు చూసేది అదే.

బ్రాడీపేట టీచర్

అదే తేలట్లేదు సార్. నిరుడు సి ఇచ్చారు. నా దగ్గర బిడ్డ చదవడం బాగా చదువుతోంది. క్లాసులో వినపడదు. ఏ ఆధారంతో ఇవ్వాలి?

లబ్బీపేట స్పెషల్ టీచర్

మీ డెస్కు దగ్గర చదివింది కూడా మాట్లాడడమే కదా. బి లేదా ఏ ఇవ్వండి. పిల్ల ఏం చేయగలదో కొలవాలి, ఎక్కడ చేసిందో కాదు. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా పిల్లలు భయం, ఆందోళన లేకుండా స్వేచ్ఛగా అభిప్రాయాలు చెప్పేలా పాఠ్యప్రణాళిక, మూల్యాంకనం ఉండాలంటుంది. భయపెట్టి చెప్పించి కొలిస్తే ఆ కొలత దేనికి?

గాంధీనగర్ సార్

చదవడం వేరు, మాట్లాడడం వేరండి. పాఠం చదివితే చదవడం గడిలో ఏ ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు. మౌఖిక వ్యక్తీకరణ అంటే సొంత మాటల్లో చెప్పడం. దానికి ఆధారం లేకుండా ఏ ఇస్తే మిగతా ముప్ఫై ఏడు మందికి అన్యాయం. వచ్చే ఏడాది టీచర్‌కి కూడా ఏ సాయమూ అందదు.

కృష్ణలంక మాస్టారు

ఈ విషయంలో గాంధీనగర్ సారుదే సబబు. ఆధారం లేకపోతే ఊహించి ఇవ్వకూడదు. కానీ ఆధారం ఇంకా తీసుకోవచ్చు. రేపు రిసెస్‌లో పాపని, ఆ ఇద్దరు స్నేహితురాళ్లని కూర్చోబెట్టి, ఏదైనా బొమ్మ చూపించి కథ చెప్పించుకోండి. మీరు పక్కన నోటు పుస్తకం దిద్దుతూ వినండి. చెబితే దానికి తగ్గ గ్రేడు ఇవ్వండి. చెప్పకపోతే ఉన్నదే ఉంచండి.

మా ప్రభుత్వ బడుల ఎఫ్ఏలో యాభై మార్కులకి "పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు" అని పది ఉండేవి. ఆ పదీ చెయ్యెత్తినవాళ్లకే వేసేవారు కొందరు. వినడం, గుంపులో తన వంతు రాసివ్వడం, బొమ్మ వేయడం కూడా భాగస్వామ్యమే. మీ స్కూల్లో అలాంటి గడి ఉంటే అక్కడ మాత్రం మార్కులు తగ్గించకండి.

లబ్బీపేట స్పెషల్ టీచర్

ముగ్గురి ముందు చెప్పిన కథ ఒక్కసారి విని గ్రేడు వేయడం కూడా నాకు తొందరపాటనే అనిపిస్తోంది. ఏదైనా మీ ప్రిన్సిపాల్ గారితో మాట్లాడి చూడండి.

బ్రాడీపేట టీచర్

ఈరోజు కథ చెప్పించాను. బొమ్మలో ఒక కోతి, సంచి, బస్టాండు. పాప ఆరేడు వాక్యాలు చెప్పింది, మధ్యలో స్నేహితురాలు చెప్పింది తప్పని సరిదిద్దింది కూడా. బి ఇస్తానని ప్రిన్సిపాల్ మేడమ్‌ని అడిగాను. "పక్క సెక్షన్లో క్లాసు ముందు చెబితేనే ఇచ్చారు, ఒక్కళ్లకి వేరే రూలు ఎలా?" అన్నారు. రేపు మళ్లీ కూర్చుని మాట్లాడాలి.

కార్డులో మాత్రం ఇది రాశాను:

"ప్రతి తీసివేతను తిరిగి కూడి సరిచూసుకుంటుంది. మధ్యలో సున్నాలున్న లెక్కలు కూడా తప్పులేకుండా చేస్తోంది. పద సమస్యల్లో అనుమానం వచ్చినా అడగలేక ఖాళీ ఉంచుతోంది. వచ్చే టర్మ్‌లో లెక్కను ముందు తన మాటల్లో స్నేహితురాలికి చెప్పడం, వారానికి రెండుసార్లు నన్ను అడగడం అలవాటు చేస్తాం. అడగడానికి నేనే తన బెంచీ దగ్గరికి వస్తాను."

కార్డు ఇచ్చేటప్పుడు వాళ్లమ్మగారికి రఫ్ నోటు తెరిచి మిర్చి లెక్క చూపిస్తాను. ఇంట్లో ఏం చేయాలని అడిగితే, రోజుకో పద సమస్య చేయించమని కాకుండా, చేసే ముందు "ఎవరి దగ్గర ఎక్కువుంది?" అని అడిగి పాప చెప్పేదాకా ఆగమంటాను.

పటమట అమ్మ

మేడమ్, పాప కూడా పక్కనే ఉంటుందా ఆ సమావేశంలో? మా స్కూల్లో పిల్లల ముందే చెప్పేవాళ్లు.

బ్రాడీపేట టీచర్

ఉంటుందండి. అందుకే లెక్క పాప చేతే తెరిపిస్తాను. 6,003 లెక్క ముందు చూపించమంటాను, తర్వాత మిర్చి లెక్క. తను వాళ్లమ్మకి చెబితే చెబుతుంది, లేకపోతే నేను చెబుతాను.

గాంధీనగర్ సార్

గ్రేడు ఏమైందో రాయండి మేడమ్. మా స్కూల్లో కూడా ఈ గొడవే ఉంది, ఎనిమిదో తరగతిలో ఇద్దరున్నారు. వాళ్ల రఫ్ నోట్లు సోమవారం తెప్పిస్తున్నాను.